వెసెల్ తప్పిపోయింది, కంటైనర్ గేటు బయటే ఉంది: ఫార్వార్డర్‌కు రీబుకింగ్ మెయిల్ రాయడం ఎలా?

కటాఫ్‌కు కంటైనర్ అందలేదని తెలియగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. ఫార్వార్డర్‌కు ఫోన్ చేసి "సార్, నెక్స్ట్ వెసెల్‌లో పెట్టేయండి" అంటాం. ఆయన "సరేనండీ, లైన్‌తో మాట్లాడతాను" అంటారు. రెండు రోజులకు కొత్త బుకింగ్ వస్తుంది. తీరా చూస్తే అది కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చిన ఎల్‌సీలోని ఆఖరి షిప్‌మెంట్ తేదీ దాటాక బయల్దేరే వెసెల్ కావచ్చు, లేదా చెన్నై బదులు కాటుపల్లి నుంచి వెళ్లేది కావచ్చు. ఫార్వార్డర్ మీద కోపం వస్తుంది కానీ, ఎల్‌సీ తేదీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్ ఏ పోర్టు కోడ్‌తో వేశామో ఆయన అడగలేదు, మనం చెప్పలేదు.

ఫార్వార్డర్ మీ తరఫున లైన్ బుకింగ్ డెస్క్‌తో వాదించాలంటే ఆయన చేతిలో సరుకు పరిస్థితి మొత్తం ఒకే మెయిల్‌లో ఉండాలి. ఆ మెయిల్ ఎలా తయారు చేయాలో, దాని ముందు, తర్వాత ఏం చూసుకోవాలో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇది ఫ్యాక్టరీలో నింపి సీల్ వేసిన పూర్తి కంటైనర్ గురించి మాత్రమే. సీఎఫ్ఎస్ అనే సరుకు గోదాములో ఇతరుల సరుకుతో కలిపి పంపే ఎల్‌సీఎల్ వ్యవహారం వేరు.

ఉదాహరణ ఇదీ

చెన్నైలో ఆఫీసు ఉన్న ఒక చిన్న ఎగుమతిదారు చిత్తూరు దగ్గరి ఫ్యాక్టరీ నుంచి తోతాపురి మామిడి గుజ్జు దుబాయ్‌కి పంపుతున్నారు. ఒక 20 అడుగుల కంటైనర్‌లో 80 డ్రమ్ములు, డ్రమ్ముకు 215 కిలోల గుజ్జు, అంటే నికరంగా 17,200 కిలోలు. ఎసెప్టిక్ ప్యాకింగ్ కాబట్టి రీఫర్ అక్కర్లేదు, మామూలు కంటైనర్ చాలు. కొన్ని రోజులు ఆగినా సరుకు చెడిపోదు. అదొక్కటే ఈ కేసులో కలిసొచ్చిన విషయం.

ఖాళీ కంటైనర్‌ను లైన్ యార్డు నుంచి ఆగస్టు 9న తీసుకున్నారు. డిటెన్షన్, అంటే గడువు దాటి పెట్టెను ఉంచుకున్నందుకు లైన్ వేసే చార్జీ, లేకుండా 7 రోజులు ఉంచుకోవచ్చని బుకింగ్‌లో ఉంది. చెన్నై టెర్మినల్ గేట్ కటాఫ్ ఆగస్టు 12 సాయంత్రం 6 గంటలు, వెసెల్ 13 రాత్రి బయల్దేరుతుంది. ట్రైలర్ కాంచీపురం దాటాక బ్రేక్‌డౌన్ అయింది. చెన్నై పోర్టు జీరో గేటు దగ్గరికి వచ్చేసరికి రాత్రి 9:40. ఎల్‌సీ ప్రకారం ఆఖరి షిప్‌మెంట్ తేదీ ఆగస్టు 25.

వెసెల్ ఇంకా పోర్టులో ఉండగానే చేయాల్సిన పని

ట్రైలర్ అందదేమో అన్న అనుమానం మధ్యాహ్నం మూడింటికే వస్తే మూడింటికే ఫోన్ చేయండి, సాయంత్రం ఆరు దాకా ఆగొద్దు. కటాఫ్ తర్వాత కూడా గేట్-ఇన్‌కు లైన్ ఒప్పుకుని టెర్మినల్‌కు చెబితే కొన్నిసార్లు కంటైనర్‌ను తీసుకుంటారు. దీన్నే లేట్ గేట్-ఇన్ అంటారు. దానికి అదనపు చార్జీ పడుతుంది, ప్రతిసారీ దొరకదు కూడా. కానీ లోడ్ లిస్ట్ ఫైనల్ అయ్యేలోపే అడగాలి. ఫోన్‌లో అడిగి, వెంటనే రెండు వాక్యాల మెయిల్ పెట్టండి: కంటైనర్ నంబర్, ట్రైలర్ ఇప్పుడు ఎక్కడుంది, గేటుకు ఎన్ని గంటలకు చేరుతుంది.

డ్రైవర్ "అరగంటలో ఉంటాను సార్" అన్న మాటను పట్టుకుని ఫార్వార్డర్‌కు టైమ్ ఇవ్వకండి. లొకేషన్ షేర్ చేయమని అడిగి, పోర్టు దగ్గర లారీల క్యూ ఎంతుందో కనుక్కుని చెప్పండి. ఒకసారి ఇచ్చిన టైమ్ తప్పితే రెండోసారి లైన్ మీ మాట వినదు.

మన ఉదాహరణలో లేట్ గేట్-ఇన్ దొరకలేదు. ఇక రీబుకింగే.

మెయిల్ రాసే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, కంటైనర్ టెర్మినల్ లోపల ఉందా, బయట ఉందా. మిగతావన్నీ దీన్ని బట్టే మారతాయి. గేట్-ఇన్ అయ్యాక వెసెల్‌లో చోటు లేక లైనే వదిలేస్తే అది లైన్ రోల్ చేసినట్టు. అప్పుడు రీబుకింగ్ చార్జీ, టెర్మినల్ స్టోరేజ్ మీ మీద పడకుండా ఫార్వార్డర్ గట్టిగా అడగగలరు, తర్వాతి వెసెల్‌లో ముందు చోటు ఇవ్వమని కూడా అడగొచ్చు. మన కేసులో కంటైనర్ బయటే ఉంది, ఆలస్యం మన రవాణాదే. ఇక్కడ హక్కుగా అడిగేది తక్కువ, మర్యాదగా కోరేదే ఎక్కువ. ఈ తేడాను దాచి మెయిల్ రాస్తే లైన్ గేట్ రికార్డు చూసి ఒక్క నిమిషంలో పట్టేస్తుంది. ఆ తర్వాత మీరు నిజాయితీగా అడిగినదాన్ని కూడా నమ్మరు.

రెండోది, కస్టమ్స్ ఎంతవరకు వచ్చింది. షిప్పింగ్ బిల్ వేశారా, లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, అంటే ఎల్‌ఈఓ, అయిందా? ఇది మీ కస్టమ్స్ బ్రోకర్‌ను అడిగితే తెలుస్తుంది. మన కేసులో షిప్పింగ్ బిల్ వేశారు, కంటైనర్ లోపలికి వెళ్లలేదు కాబట్టి ఎల్‌ఈఓ కాలేదు.

మూడోది, దాటకూడని తేదీ. ఎల్‌సీలో రెండు తేదీలుంటాయి, ఆఖరి షిప్‌మెంట్ తేదీ, ఎల్‌సీ గడువు తేదీ. మొదటిదాన్ని బిల్ ఆఫ్ లేడింగ్‌లోని ఆన్‌బోర్డ్ తేదీతో పోల్చి చూస్తారు. కొలంబోలో ఓడ మారినా, బ్యాంకు మామూలుగా చూసేది చెన్నైలో లోడ్ అయిన తేదీనే. ఎల్‌సీ లేకుండా టీటీ మీద, అంటే నేరుగా బ్యాంకు బదిలీతో డబ్బు వచ్చేలా, వెళ్తున్న సరుకైతే కొనుగోలుదారుతో ఒప్పుకున్న తేదీని రాయండి.

నాలుగోది, ఫార్వార్డర్ ఎవరి మనిషి? సీఐఎఫ్ అయితే ఫ్రైట్ కడుతున్నది మీరే కాబట్టి నిర్ణయం మీది. ఎఫ్‌ఓబీ అయితే ఆయన్ని పెట్టింది కొనుగోలుదారు. కొత్త వెసెల్‌కు, రేటుకు కొనుగోలుదారు అనుమతి కావాలి. ఎఫ్‌ఓబీలో కొనుగోలుదారును మెయిల్‌లో పెట్టకుండా రీబుకింగ్ అడిగితే ఫార్వార్డర్ ఆయన జవాబు కోసం ఆగుతారు, ఒక రోజు వృథా.

అదే లైన్, అదే పోర్టు: ముందు ఇదే అడగండి

కంగారులో "ఏ లైన్‌లో అయినా సరే, తొందరగా వెళ్లాలి" అని రాసేస్తారు. ఇది చాలా ఖరీదైన వాక్యం. నింపిన కంటైనర్ ఆ లైన్ సొంత పెట్టె. వేరే లైన్‌కు మారాలంటే సరుకును సీఎఫ్ఎస్‌లో దించి వేరే పెట్టెలో ఎక్కించాలి. 80 డ్రమ్ములను దించి ఎక్కించడంలో ఒక్క డ్రమ్ము నొక్కుకుపోయినా లోపలి ఎసెప్టిక్ సంచి చిరిగే ప్రమాదం ఉంది. దానికి తోడు ఫ్యాక్టరీలో వేసిన ఈ-సీల్ తెగుతుంది. కంటైనర్ నంబర్ మారుతుంది, వీజీఎం, అంటే నింపిన కంటైనర్ ధృవీకరించిన బరువు, మళ్లీ తీయాలి, షిప్పింగ్ బిల్‌లో సవరణ కావాలి. ఎల్‌సీ తేదీకి మరో దారి లేనప్పుడు తప్ప దీని జోలికి వెళ్లొద్దు.

పోర్టు మార్పు కూడా చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది. చెన్నై, కాటుపల్లి, ఎన్నూరు, మూడూ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, ట్రైలర్‌కు పెద్ద దూరం కాదు. కానీ కస్టమ్స్ సిస్టమ్‌లో చెన్నై INMAA1, కాటుపల్లి INKAT1, ఎన్నూరు INENR1. చెన్నై కోడ్‌తో వేసిన షిప్పింగ్ బిల్‌తో కంటైనర్‌ను నేరుగా కాటుపల్లికి తోలేయలేం. పాతదాన్ని రద్దు చేసి కొత్తది వేయడమా, సవరణతో అవుతుందా అన్నది బ్రోకర్‌తో మాట్లాడాకే పోర్టు మార్పుకు ఒప్పుకోవాలి.

మన ఉదాహరణలో ఫార్వార్డర్ రెండు దారులు చెప్పారు. ఒకటి, అదే లైన్ వేరే సర్వీస్, కాటుపల్లి నుంచి ఆగస్టు 17న. రెండోది, అదే సర్వీస్ తర్వాతి వెసెల్, చెన్నై నుంచి ఆగస్టు 20న. మొదటిది మూడు రోజులు ముందు వెళ్తుంది, కానీ షిప్పింగ్ బిల్ మళ్లీ వేయాలి, పైగా మధ్యలో ఆగస్టు 15 సెలవు. రెండోదానికి ఎల్‌సీ తేదీ వరకు ఐదు రోజుల వెసులుబాటు ఉంది. నేనైతే ఆలోచించకుండా రెండోదే తీసుకుంటాను. కానీ ఐదు రోజులున్నాయి కదా అని నిశ్చింతగా కూర్చోను, ఎందుకో కింద చెబుతాను.

మెయిల్

లైన్ డెస్క్‌కు ఫార్వర్డ్ అవుతుంది కాబట్టి మనం మామూలుగా ఇంగ్లీషులోనే పంపుతాం. అందులో ఉండాల్సిన విషయం, వరుస ఇది:

> విషయం: రీబుకింగ్ అభ్యర్థన, పాత బుకింగ్ నంబర్, కంటైనర్ నంబర్, చెన్నై నుంచి జెబెల్ అలీ, ఆఖరి షిప్‌మెంట్ తేదీ ఆగస్టు 25
>
> నమస్తే అండీ,
>
> పై బుకింగ్ కింద ఉన్న ఒక 20 అడుగుల కంటైనర్ ఆగస్టు 12 సాయంత్రం 6 గంటల గేట్ కటాఫ్‌కు అందలేదు. ట్రైలర్ బ్రేక్‌డౌన్ అయి రాత్రి 9:40కి జీరో గేటు దగ్గరికి చేరింది. లేట్ గేట్-ఇన్ కుదరదని మీరు ఫోన్‌లో చెప్పారు.
>
> ప్రస్తుత స్థితి: కంటైనర్ నిండుగా, టెర్మినల్ బయట ఉంది. లైన్ సీల్, ఈ-సీల్ రెండూ తెగలేదు. షిప్పింగ్ బిల్ చెన్నై, INMAA1 కింద వేశాం, ఎల్‌ఈఓ కాలేదు. షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్లు, అంటే ఎస్‌ఐ, అలాగే వీజీఎం పాత బుకింగ్ మీద ఇచ్చాం.
>
> మా కోరిక: ఇదే లైన్, ఇదే సర్వీస్, చెన్నై నుంచి ఆగస్టు 20 వెసెల్‌కు ఈ కంటైనర్‌ను మార్చండి. పాత బుకింగ్‌ను రద్దు చేయకుండా రోల్ చేయగలిగితే అలాగే చేయండి. కొత్త బుకింగే కావాలంటే ఇదే కంటైనర్ నంబర్‌ను దానికి జతచేయించండి.
>
> మా ఆఖరి షిప్‌మెంట్ తేదీ ఆగస్టు 25. అది దాటే వెసెల్‌ను మా రాతపూర్వక అనుమతి లేకుండా బుక్ చేయవద్దు. లైన్ గానీ పోర్టు గానీ మారే పరిస్థితి ఉన్నా ముందు మాకు చెప్పండి.
>
> దయచేసి ఇవి తెలియజేయండి: వెసెల్ పేరు, వాయేజ్ నంబర్, టెర్మినల్‌లో గేట్ ఎప్పుడు తెరుస్తారు, గేట్, ఎస్‌ఐ, వీజీఎం కటాఫ్‌లు, రీబుకింగ్‌కు, నో-షోకు పడే చార్జీలు విడివిడిగా, ఫ్రైట్ రేటు పాతదేనా, అది ఏ తేదీ వరకు.
>
> ఫ్రీ డేస్ ఆగస్టు 15తో ముగుస్తాయి. గేట్ తెరిచేలోపు మేం కంటైనర్‌ను లోపలికి పంపలేం కాబట్టి రెండు రోజుల డిటెన్షన్ మినహాయింపు ఇప్పించమని కోరుతున్నాం.
>
> రేపు మధ్యాహ్నం 12 గంటల్లోపు జవాబు ఇస్తే సరుకును ఎక్కడ ఉంచాలో నిర్ణయించుకుంటాం.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది "మా రాతపూర్వక అనుమతి లేకుండా" అన్న వాక్యం. ఫార్వార్డర్ మంచి ఉద్దేశంతోనే దొరికిన చోటును పట్టేస్తారు, తర్వాత దాన్ని మార్చాలంటే మళ్లీ చార్జీ. ఆ ఒక్క వాక్యం ఆయనకూ రక్షణే. లైన్ తొందరపెడితే "కస్టమర్ ఒప్పుకోలేదు" అని చూపించుకోగలరు.

మినహాయింపు అడిగినప్పుడు "డిటెన్షన్ మొత్తం మాఫీ చేయండి" అని రాయకండి. రెండు రోజులు, ఫలానా కారణం అని రాస్తే డెస్క్‌లో కూర్చున్న వ్యక్తి తన స్థాయిలోనే సరే అనే అవకాశం ఉంటుంది. మొత్తం మాఫీ అంటే పై వాళ్లకు వెళ్తుంది, అక్కడ ఆగిపోతుంది.

రేటు గురించి అడగడం మర్చిపోకండి. ఫ్రైట్ రేట్లు చాలావరకు నెలాఖరుకు ముగుస్తాయి. మన కేసులో రెండు వెసెల్‌లూ ఆగస్టులోనే కాబట్టి ఇబ్బంది లేదు. అదే నెల 28న తప్పిపోయిన వెసెల్ అయితే రీబుకింగ్ కొత్త నెల రేటులోకి వెళ్లిపోవచ్చు. రేటు గేట్-ఇన్ తేదీని బట్టా, వెసెల్ బయల్దేరిన తేదీని బట్టా అన్నది కూడా రాతలో తీసుకోండి.

జవాబు వచ్చేదాకా కంటైనర్ ఎక్కడ?

టెర్మినల్ ఎప్పుడు పడితే అప్పుడు ఎగుమతి కంటైనర్‌ను తీసుకోదు. ఒక్కో వెసెల్‌కు గేట్ తెరిచే రోజు, మూసే సమయం ఉంటాయి. మన కేసులో 20వ తేదీ వెసెల్‌కు గేట్ 16న తెరుస్తారు. అంటే నాలుగు రోజులు ఎక్కడో ఉంచాలి.

ట్రైలర్ మీదే ఉంచితే హాల్టింగ్. లెక్క అర్థమవడానికి రోజుకు 3,500 రూపాయలు అనుకుందాం, నాలుగు రోజులకు 14,000. యార్డులో దించితే దించడానికి 2,000, ఎక్కించడానికి 2,000, నేల అద్దె రోజుకు 500 చొప్పున 2,000, మళ్లీ పోర్టుకు లోకల్ ట్రిప్ 5,500, మొత్తం 11,500. మీ రవాణాదారు, యార్డు చెప్పే రేట్లు వేసుకుని ఇదే లెక్క చేయండి. రెండు రోజుల ఆగుడైతే ట్రైలర్ మీద ఉంచడమే తక్కువ పడుతుంది, నాలుగైదు రోజులైతే యార్డు. ఎక్కడ ఉంచినా డిటెన్షన్ మీటర్ తిరుగుతూనే ఉంటుంది, గేట్-ఇన్‌తోనే ఆగుతుంది. ఆగస్టు 9 నుంచి 15 వరకు ఏడు రోజులు, 16న గేట్-ఇన్ చేస్తే ఒక రోజు డిటెన్షన్. 16 ఉదయమే పంపించండి, 19 కటాఫ్ దాకా లాగకండి.

యార్డులో దించేముందు సీల్ నంబర్లు కనిపించేలా తలుపుల ఫోటోలు తీయించండి. ఎత్తేటప్పుడు మళ్లీ తీయించండి. సీల్ తెగితే మొత్తం కథ మొదటికొస్తుంది.

కొత్త బుకింగ్ వచ్చాక

బుకింగ్ కన్ఫర్మేషన్ తెరిచి ముందు కంటైనర్ నంబర్ జతయిందో లేదో చూడండి. చాలాసార్లు బుకింగ్ మాత్రం వస్తుంది, కంటైనర్ పాత బుకింగ్ మీదే ఉండిపోతుంది. గేటు దగ్గర సిస్టమ్ ఒప్పుకోదు, ట్రైలర్ పక్కన ఆగుతుంది. 16 ఉదయం తెలిసే బదులు 14న తెలియడం మేలు.

ఎస్‌ఐ కొత్త బుకింగ్ నంబర్‌తో మళ్లీ ఇవ్వాలి. వీజీఎం కూడా అంతే. పెట్టె తెరవలేదు కాబట్టి బరువు అదే, మళ్లీ తూయించక్కర్లేదు, కానీ కొత్త బుకింగ్ మీద నమోదు కావాలి. గేట్ ఎంట్రీ పత్రాలు కొత్త వెసెల్ పేరుతో తయారు చేయమని బ్రోకర్‌కు చెప్పండి. వెసెల్ పేరు రాసిన ప్రతి కాగితాన్నీ తీసి పక్కన పెట్టుకోండి. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, ఇన్సూరెన్స్ డిక్లరేషన్, వీటన్నింటిలో పాత వెసెల్ పేరు దాక్కుని ఉంటుంది. ఆరిజిన్ సర్టిఫికెట్‌ను ఇంకా తీసుకోకపోతే కొత్త బుకింగ్ వచ్చేదాకా ఆగడమే తేలిక.

ఎల్‌సీ విషయంలో ఆలస్యం వద్దు

20న బయల్దేరాల్సిన వెసెల్ 20నే బయల్దేరుతుందన్న హామీ లేదు. కొలంబోలో ఆలస్యమైతే, బెర్త్ దొరక్కపోతే రెండు మూడు రోజులు జరగడం మామూలే. ఒకవేళ వెసెల్ 24కు జరిగి, మన కంటైనర్ మళ్లీ రోల్ అయితే ఎల్‌సీ తేదీ పోయినట్టే. ఆ ఐదు రోజులు నిశ్చింతనివ్వవని అన్నది ఇందుకే.

కాబట్టి రీబుకింగ్ మెయిల్ పంపిన రోజే కొనుగోలుదారుకు కూడా రాసి, ఆఖరి షిప్‌మెంట్ తేదీని సెప్టెంబర్ 5కు, దాంతోపాటు ఎల్‌సీ గడువును కూడా పొడిగించమని అడగండి. యూసీపీ 600 ప్రకారం సవరణకు ఎల్‌సీ ఇచ్చిన బ్యాంకు, కన్ఫర్మ్ చేసిన బ్యాంకు ఉంటే అదీ, మీరూ ఒప్పుకోవాలి. సవరణ ఇక్కడి బ్యాంకుకు ఎంటీ 707 సందేశంగా వస్తుంది. అది చేతికొచ్చేదాకా పొడిగింపు జరిగినట్టు లెక్క వేయకండి, "ఓకే" అన్న వాట్సాప్ మెసేజ్‌ను బ్యాంకు చూడదు. పత్రాలు కూడా ఎల్‌సీలో వేరేగా లేకపోతే షిప్‌మెంట్ తేదీ నుంచి 21 రోజుల్లోపు, గడువు దాటకుండా బ్యాంకులో ఇవ్వాలి.

బీఎల్ మీద తేదీ వెనక్కి వేయించమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. వెసెల్ ఏ రోజు బయల్దేరిందో ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడగలరు. అది మోసం. దొరికితే బ్యాంకు దగ్గర, కొనుగోలుదారు దగ్గర మీ పేరు పోతుంది, ఫార్వార్డర్‌నూ ముంచినవాళ్లవుతారు.

గేట్-ఇన్ అయినంత మాత్రాన లోడ్ అయినట్టు కాదు

ట్రాకింగ్‌లో గేట్-ఇన్ కనపడగానే టెన్షన్ తగ్గుతుంది. కానీ ఒకసారి తప్పిన కంటైనర్ రెండోసారి తప్పడం అరుదేం కాదు. గేట్-ఇన్ అయ్యాక ఎల్‌ఈఓ అయిందని బ్రోకర్ నుంచి నిర్ధారణ తీసుకోండి, ఎల్‌ఈఓ లేని కంటైనర్‌ను ఎక్కించరు. కటాఫ్ అయిన మర్నాడు ఫార్వార్డర్‌ను ఒకే ఒక ప్రశ్న అడగండి: "అండీ, మన నంబర్ ఫైనల్ లోడ్ లిస్ట్‌లో ఉందా?" బుకింగ్ కన్ఫర్మ్ అయింది అన్న జవాబు దీనికి జవాబు కాదు, మళ్లీ అడగండి. ట్రాకింగ్‌లో లోడ్ అయినట్టు, వెసెల్ బయల్దేరినట్టు చూశాకే బీఎల్ డ్రాఫ్ట్ సరిచూసి, ఆన్‌బోర్డ్ తేదీ, వెసెల్, వాయేజ్, కంటైనర్, సీల్ నంబర్లు ఒక్కొక్కటీ పోల్చుకోండి.

ఇంకొకటి మిగిలి ఉంటుంది. వెసెల్ వెళ్లాక లైన్ తరఫున ఈజీఎం, అంటే ఓడలో వెళ్లిన సరుకు జాబితా, కస్టమ్స్‌లో దాఖలవుతుంది. అందులో మీ షిప్పింగ్ బిల్ నంబర్, కంటైనర్ నంబర్ సరిపోలకపోతే డ్రాబ్యాక్, ఐజీఎస్‌టీ రీఫండ్ ఆగిపోతాయి. రోల్ అయిన కంటైనర్లకు ఈ పొరపాటు పాత వెసెల్ వివరాల వల్ల వస్తుంటుంది. కొన్ని రోజులు ఆగి కస్టమ్స్ పోర్టల్ ICEGATE లో షిప్పింగ్ బిల్ స్టేటస్ తెరిచి ఈజీఎం పడిందో లేదో చూడండి. పడకపోతే స్క్రీన్‌షాట్‌తో ఫార్వార్డర్‌కు, బ్రోకర్‌కు ఒకే మెయిల్ పెట్టి, సవరణ ఎవరు వేస్తారో, ఏ రోజుకు వేస్తారో అందులోనే అడగండి.